విత్తనాల మార్పిడిలో కలిసినవాళ్లు: నా నోటుబుక్కు లాగ్

జూన్

హైదరాబాద్‌లో మిద్దెతోటలు పెంచేవాళ్లం నెలకోసారి కలిసి విత్తనాలు, నారు మార్చుకుంటాం. అక్కడ అందరూ అందరికీ అక్క, అన్న, మేడమ్, సార్. పేరు పలకాల్సిన అవసరమే రాదు. పలకని పేరు నిలవదు కూడా. అందుకే ఈ వానాకాలం నుంచి, కలిసిన మనుషుల గురించి జేబు నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఇంటికొచ్చి తీరిగ్గా రాద్దామంటే కుదరదు. జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. మరుపు మొదటి గంటలోనే చాలా వేగంగా జరిగిపోతుందని 1885లో చూపించాడు. కొత్తగా విన్న పేరు కూడా మనకు అలాంటి అక్షరాల గుంపే. కాబట్టి బండి స్టార్ట్ చేయకముందే, సీటు మీద కూర్చుని రాసేస్తున్నాను. ముందు పేర్లన్నీ వరసగా, ఆ తర్వాతే వివరాలు. ఒకరి గురించి వివరంగా రాస్తూ కూర్చుంటే ఈలోపు మిగతావాళ్ల పేర్లు జారిపోతాయి. ఐదారుగురికి మించి రాయను. అంతకు మించితే ఎవరి కబురు ఎవరిదో కలిసిపోతోంది.

పేరు సరిగ్గా దొరకడానికి మంచి దారి విత్తనాల పొట్లమే. రకం, తేదీతో పాటు "మీ పేరు కూడా రాసివ్వండి" అంటే అందరూ సంతోషంగా రాస్తారు. ఎవరి విత్తనం బాగా మొలిచిందో చెప్పడానికి అది ఎలాగూ కావాలి.

జులై

పోయిన నెల నోట్సు తీసి చూస్తే సగం పనికిరానివి. "ఆకుపచ్చ చీర", "నీలం టోపీ" చూసి మనిషిని ఎలా పోల్చుకుంటాం? ఈసారి మారని గుర్తులే రాశాను: మాటలో నెల్లూరు యాస, ఎడమచేత్తో రాయడం, ఉప్పల్ వైపు ఇల్లు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే పేరు పక్కన పేటా, వాళ్లకిష్టమైన మొక్కా చేర్చాను.

ఇంతకంటే పెద్ద మార్పు ఇంకోటి ఉంది. మనిషి గురించిన సమాచారం కాకుండా, వాళ్ల దగ్గర ఇంకా తేలని విషయం ఏముందో రాయడం మొదలుపెట్టాను. ఉద్యోగం, పిల్లలెందరు అని రాసుకుంటే పక్కాగా గుర్తుంటుంది, కానీ దాన్నుంచి మాట మొదలవ్వదు. తేలని విషయమైతే తర్వాతి నెలకి దానంతటదే ప్రశ్నవుతుంది.

ఆ యాస ఉన్న అక్క గురించి రాసిన పేజీ ఇది:

"బీర, గ్రో బ్యాగ్‌లో మొదటిసారి. జూన్ మధ్యలో వేశారు. పూలు వస్తున్నాయి, పిందె లేదు, రాలిపోతున్నాయి. బెంగగా ఉన్నారు. అడగాలి: ఆడపూలు వచ్చాయా?"

బీరకు మొదట మగపూలే వస్తాయి, అవి రాలడం మామూలే. పూవు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపూవు. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి, తేనెటీగలు రాని మేడ మీద ఆ వేళకే మగపూవు తెంపి ఆడపూవుకి తాకించాలి. ఆమెకు ఇదంతా అక్కడే చెప్పాను. చెప్పినట్టు కూడా రాసుకున్నాను, లేకపోతే మళ్లీ అదే పాఠం మొదలుపెడతాను.

ఆగస్టు

వెళ్లేముందు పోయిన నెల పేజీలు ఒకసారి తిరగేశాను. ఆమె కనిపించగానే పేరుపెట్టి "నమస్తే అక్కా, బీరకు ఆడపూలు వచ్చాయా?" అన్నాను. ఫోన్ తీసి కాయల ఫొటోలు చూపించారు. అక్కణ్నుంచి మాట వాళ్ల అత్తగారు చేసే బీరపొట్టు పచ్చడి దాకా వెళ్లింది. అది కూడా పేజీలోకి ఎక్కింది.

అందరితో ఇలా ఉండదు. ఒకాయనతో ఆయన అబ్బాయి పరీక్ష తేదీ, సెంటరుతో సహా చెప్పేసరికి కాస్త వెనక్కి తగ్గారు. నోట్సులో ఎంత ఉన్నా నోటితో సగమే అనాలి: "అబ్బాయి పరీక్షలు అయిపోయాయా?" చాలు. మిగతాది ఆయనే చెబుతారు.

జబ్బులు, ఇంట్లో గొడవలు, డబ్బు ఇబ్బందులు పుస్తకంలో రాయడం మానేశాను. పుస్తకం ఎక్కడైనా పడిపోతే నష్టం వాళ్లకి. పెద్దవాళ్ల గురించి పాత నోట్సు ఉంటే మరీ జాగ్రత్త. నెలలు గడిచాక "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని నేరుగా అడగను. "ఇంట్లో అందరూ బాగున్నారా అండీ?" అంటే, చెప్పదలుచుకుంటే చెబుతారు. ప్రతి పేజీకి తేదీ వేయడం ఇందుకే.

సెప్టెంబరుకి

తేదీల వరస తీసేసి పేటల వారీగా పేజీలు మార్చాలి. ఉప్పల్ వైపువాళ్లు ఒకే బండి మీదో ఆటోలోనో కలిసే వస్తారు. బీర అయిపోయాక ఆ బ్యాగుల్లో పాలకూర వేస్తానన్నారు అక్క. విత్తనం పొట్లం కట్టి ఆమె పేరు రాసిపెట్టాను.