వీడియో మార్పులకు రాసిన ఉత్తరం

ఈరోజు మధ్యాహ్నం గిరాకీ కాస్త పలచబడ్డాక, మా మంగళగిరి చీరల ప్రచార వీడియో చేసిన విజయవాడ కుర్రాడికి మార్పులు అడుగుతూ ఉత్తరం రాశాను. ఫోన్‌లో చెబితే సరిపోయేదేమో కానీ, నోటిమాటగా చెప్పినవి సాధారణంగా "ఆ మగ్గం దగ్గర కొంచెం చూడండి" అన్నంతవరకే మిగులుతాయి. పైగా ఒప్పుకున్న సొమ్ములో రెండు విడతల మార్పులకే చోటుంది. రోజుకొకటి గుర్తొచ్చినప్పుడల్లా పంపితే ఆ రెండు విడతలూ చిన్నచిన్న వాటికే అయిపోతాయి కనుక, అన్నీ ఒకే ఉత్తరంలో, ఏ సెకను దగ్గర ఏముందో, దాని బదులు ఏం రావాలో వివరంగా పెట్టాను.

నచ్చనివన్నీ రాయకుండా, కొనేవారికి అబద్ధం చెబుతున్న చోట్లను ముందు పెట్టాను. వాటిలో మొదటిది మగ్గం. ఆ భాగం ఇలా రాశాను:

"0:08 నుంచి 0:13 వరకు ఉన్న దృశ్యం మరమగ్గానిది. అందులో మనిషి చేయి గానీ కాలు గానీ ఎక్కడా కనబడదు, పేక పోగు కంటికి ఆనకుండా దూసుకుపోతోంది, బట్ట మీద పువ్వులు పడుతున్నాయి. మేము అమ్మేది గుంట మగ్గం మీద నేసిన చీర. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ, ఒక చేత్తో తాడు లాగి నాడె విసురుతాడు. అది అటూ ఇటూ పోవడం స్పష్టంగా కనబడుతుంది. మా చీర బాడీ సాదాగా ఉంటుంది, జరీ పని అంతా నిజాం అంచులోనే. దయచేసి ఆ ఐదు సెకన్లు పూర్తిగా తీసివేయండి."

అతను దాన్ని ఎక్కడో దొరికిన రెడీమేడ్ క్లిప్పుల్లోంచి తెచ్చి ఉంటాడు. చూసేవారిలో చాలామందికి తేడా తెలియదన్నది నిజమే, కానీ చేనేత అని చెప్పి మరమగ్గం చూపించే దుకాణమన్న పేరు మా వీధిలో ఒక్క పూటలో పాకుతుంది. మా నేతగాడి ఇంట్లోనే తీద్దామనీ, ఇది మొదట అనుకోని షూటింగ్ కాబట్టి దాని ఖర్చు వేరే బిల్లుగా వేయమనీ రాశాను. మగ్గం ఆగినంతసేపూ నేతగాడి కూలి పోతుంది కనుక, అది నేనిస్తాను.

రెండోది రంగు. నెమలికంఠం చీర వీడియోలో పాచిపట్టిన ఆకుపచ్చలా వచ్చింది. "రంగు సరిగా లేదు" అని మాత్రమే రాస్తే అతను దాన్ని ఇంకా మెరిపిస్తాడు, అప్పుడు మరీ దూరమవుతుంది. అందుకని అదే ఫ్రేములో చీర పక్కన మడతపెట్టి ఉన్న తెల్ల పంచెను చూడమన్నాను. అది కూడా గోధుమరంగులో ఉందంటే, తేడా మా దుకాణంలోని పసుపు ఎల్‌ఈడీ బల్బులదన్నమాట. పంచె తెల్లగా కనబడేదాకా వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే చీర చాలావరకు తన రంగుకు వస్తుంది. అయితే 0:21 దగ్గర గుమ్మంలోంచి వచ్చే పగటి వెలుగూ, లోపలి బల్బుల వెలుగూ కలిసిపోయాయి. అక్కడ పసుపు తగ్గిస్తే గుమ్మం వైపు నీలం తేలుతుంది. ఆ ఒక్క షాట్ మాత్రం బల్బులు ఆపి మళ్లీ తీయాలి.

ఎంత సరిచేసినా ఈ చీర ఒకే రంగుగా కనబడదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ కావడం వల్ల వంపును బట్టి రంగు మారుతుంది. కొంగును చేత్తో ఎత్తి నెమ్మదిగా తిప్పుతూ మూడు సెకన్లు చూపిస్తే చాలు, "ఫోన్లో చూసింది వేరు, వచ్చింది వేరు" అంటూ తిరిగొచ్చే పార్సెళ్లు తగ్గుతాయి. సరిచూసుకోవడానికి ఆ చీర జాకెట్ ముక్కను కొరియర్‌లో వేశాను. మారిన వీడియోను వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమన్నాను. లేకపోతే అది కుదించుకుపోయి అంచులోని జరీ గీతలు అలుక్కుపోతాయి, తప్పు ఎవరిదో తేలదు.

మిగిలినవి చిన్నవి. వెనక వస్తున్న సినిమా పాటకు మాకు అనుమతి లేదు కాబట్టి దాన్ని తీసి మగ్గం చప్పుడే పెట్టమన్నాను. చివర దుకాణం పేరులో "వస్త్రాలయం" వత్తు ఊడిపోయి "వస్‌త్రాలయం" అయింది. ఆ పేరును మా బోర్డు రాసినాయన దగ్గరున్న బొమ్మ ఫైలుగానే జతచేశాను. గొంతు, చీరలు మార్చి చూపిన క్రమం చక్కగా కుదిరాయి, వాటిని ముట్టుకోవద్దని కూడా రాశాను. చెప్పకపోతే బాగున్నవి కూడా మారిపోవడం చూశాను.

సాయంత్రం జవాబు వచ్చింది. "మగ్గం ఎన్నింటికి నడుస్తుంది మేడమ్, వెలుగు ఎటు నుంచి పడుతుంది?" అని అడిగాడు. కిటికీ తూర్పు వైపు ఉందనీ, పది లోపు వస్తే నాడె మీద వెలుగు పడుతుందనీ రాశాను.