అట్టముక్కలు పట్టిచ్చిన తప్పు

మా అమ్మాయి న్యూజెర్సీలో పన్నెండో తరగతి చదువుతోంది. మే నెలలో ఏపీ కాల్క్యులస్ పరీక్ష (ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, ఇక్కడి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్). ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్నా, ఈ లెక్కలో బొమ్మే అర్థం కావట్లేదు" అంది.

నేలమీద y = √x అనే వక్రం, y = x/2 అనే గీత. రెండూ x = 0 దగ్గర, x = 4 దగ్గర కలుస్తాయి. వాటి మధ్య చిక్కిన ఆకులాంటి ప్రదేశం ఒక ఘనవస్తువుకి అడుగు. x అక్షానికి లంబంగా ఎక్కడ కోసినా అడ్డుకోత చతురస్రమే. ఘనపరిమాణం ఎంత?

ఇంటర్‌లో మేం వైశాల్యాల దగ్గరే ఆగిపోయాం. తర్వాత ఇంజినీరింగ్‌లో వక్రాన్ని అక్షం చుట్టూ తిప్పి చేసే లెక్కలు చాలా చేశాను. ఆ అలవాటు కొద్దీ పైదాని వర్గంలోంచి కిందిదాని వర్గం తీసేసి, ఇదేం తిప్పడం కాదు కదా అని π ఒక్కటి వదిలేసి, x − x²/4 ని 0 నుంచి 4 వరకు ఇంటిగ్రేట్ చేశాను. 8/3 వచ్చింది. పుస్తకం వెనక జవాబు 8/15 అని ఉంది. "అచ్చుతప్పయ్యుంటుందిలే" అన్నాను. అమ్మాయి నమ్మినట్టు కనిపించలేదు.

మర్నాడు పార్సిల్ డబ్బా ఒకటి చింపి కూర్చున్నాం. ఒక యూనిట్‌కి 5 సెంటీమీటర్లు చొప్పున కాగితం మీద బొమ్మ గీశాం. x = 0.5, 1, 1.5 అలా 3.5 దాకా ఏడుచోట్ల నిలువు గీతలు గీసి, వక్రానికీ గీతకీ మధ్య ఎంత దూరముందో స్కేలుతో కొలిచాం. ఆ దూరమే భుజంగా చతురస్రాలు కత్తిరించి, ఎక్కడివక్కడ టేపుతో నిలబెట్టాం. అన్నిటికన్నా పెద్దది x = 1 దగ్గరిది, భుజం రెండున్నర సెంటీమీటర్లు, అంటే అర యూనిట్. చివరిది గోరంత.

అది చూడగానే నా తప్పు బయటపడింది. అతిపెద్ద ముక్క వైశాల్యమే 0.25. మొత్తం పొడవు 4. ఆ పొడవంతా పెద్ద ముక్కే ఉందనుకున్నా ఘనపరిమాణం 1 దాటదు. నేను చెప్పింది రెండున్నరకు పైన! భుజం అంటే రెంటి మధ్య దూరం, √x − x/2. ముందు తీసివేయాలి, ఆ తర్వాత వర్గం చేయాలి. నేను వర్గాలు చేసి తీసేశాను. రెంటి మధ్య ప్రదేశాన్ని x అక్షం చుట్టూ తిప్పితే అడ్డుకోత మధ్యలో బొక్క ఉన్న బిళ్ళ అవుతుంది కాబట్టి అక్కడ పెద్ద వృత్తంలోంచి చిన్న వృత్తం తీసేస్తాం. ఇక్కడ తీసేయడానికి బొక్కే లేదు.

V = ∫₀⁴ (√x − x/2)² dx = ∫₀⁴ (x − x√x + x²/4) dx = 8 − 64/5 + 16/3 = 8/15

ఇది దాదాపు 0.533. మా ఏడు ముక్కల వైశాల్యాలు కూడి, వాటి మధ్య ఎడం 0.5 తో గుణిస్తే 0.52 దాకా వచ్చింది. అచ్చుతప్పు మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి ప్రశ్నలో అడుగు అదే, అడ్డుకోతలు అర్ధవృత్తాలు. ఈసారి తప్పు మా అమ్మాయిది. √x − x/2 ని వ్యాసార్ధం అనుకుని 4π/15, అంటే 0.84 తెచ్చింది. నేను నోరు తెరిచేలోపే తనే అట్టముక్క పక్కన అర్ధవృత్తం గీసి చూసుకుంది. నేలమీద ఆనేది వ్యాసం. వ్యాసార్ధం అందులో సగం, దాని వర్గం నాలుగో వంతు. అర్ధవృత్తం కాబట్టి ఇంకో సగం. అలా ఒక్కో ముక్క వైశాల్యం భుజం వర్గానికి π/8 రెట్లు. మళ్ళీ ఇంటిగ్రేషన్ అక్కర్లేదు, 8/15 ని π/8 తో గుణిస్తే π/15, దాదాపు 0.21.

"మరి y అక్షానికి లంబంగా కోస్తే?" అంది. నాకెందుకో అదే జవాబు వస్తుందనిపించింది, అడుగు మారలేదు కదా. ఇప్పుడు అడ్డంగా కొలవాలి. కుడివైపు x = 2y, ఎడమవైపు x = y². భుజం 2y − y², హద్దులు 0 నుంచి 2. చతురస్రాలతో లెక్క కడితే 16/15, సరిగ్గా రెట్టింపు! అడుగు వైశాల్యం ఎటు కొలిచినా 4/3 యే. కానీ అడ్డంగా కోస్తే ముక్కలు వెడల్పవుతాయి, వెడల్పైనకొద్దీ ఎత్తూ పెరుగుతుంది. y = 1 దగ్గర భుజం ఒక యూనిట్, అంటే 5 సెంటీమీటర్ల అట్ట. కత్తిరిద్దామని చూస్తే డబ్బాలో అంత ముక్క మిగల్లేదు.