పన్నెండు మణుగుల చందనం: సింహాచలంలో అడిగిన ఒక ప్రశ్న

సింహాద్రి అప్పన్నను ఏడాది పొడవునా చందనంలోనే చూస్తాం. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే ఆయన నిజరూపం కనిపిస్తుంది. ఎందుకలా అని ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది: "స్వామి ఉగ్రమూర్తి కదా, చల్లబరచడానికి." అర్చకస్వామితో నిమిషం నిడివి ప్రశ్న-జవాబు వీడియో ఒకటి చేద్దామనుకున్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని బయల్దేరాం. స్క్రిప్టు నాది, ఫోన్ వాడిది.

చందనోత్సవం రోజు వెళ్లకుండా కొన్నాళ్లు ముందు వెళ్లాం, అదీ కావాలనే. ఆ రోజు అర్చకులకు మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండదు. పైగా చైత్ర బహుళ ఏకాదశి నుంచే గుడిలో చందనం అరగదీత మొదలవుతుంది. వీడియోలో దాని గురించి ఒక్క మాటే ఉంటుందేమో గానీ, కళ్లతో చూడకుండా ఆ ఒక్క మాటా రాయబుద్ధి కాలేదు.

తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్ల దారిన ఎక్కాం. బస్సులున్నా, మా ఇంట్లో అప్పన్న దగ్గరికి నడిచే వెళ్లడం అలవాటు. దర్శనంలో మా ముందున్న చిన్న పిల్ల వాళ్ల నాన్న మెడ పట్టుకుని "ఇక్కడున్నది శివుడా?" అని గట్టిగానే అడిగింది. అడగడంలో తప్పులేదు. చందనం పూర్తిగా కప్పి ఉన్నప్పుడు స్వామి అచ్చం లింగంలాగే కనిపిస్తాడు. లోపలున్నది వరాహ ముఖంతో ఉన్న నరసింహుడని తెలియనివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ పిల్ల అడిగిన ప్రశ్న నా కాగితం మీద రాసుకున్నదానికన్నా బాగుందనిపించి, అప్పుడే మనసులో దాన్ని మొదటి ప్రశ్నగా మార్చేసుకున్నాను.

అరగదీత జరిగే చోట చాలాసేపు నిలబడ్డాం. గుండ్రటి సాన రాయి, పక్కన నీళ్ల గిన్నె, చేతిలో చందనపు చెక్క. చెక్కను నిలువుగా పట్టుకుని, రాయి మీద కాసిన్ని నీళ్లు చల్లి, మణికట్టు కదలకుండా భుజం నుంచి గుండ్రంగా తిప్పుతున్నారు. మొదట పలచటి పాలలాంటి నీళ్లు వస్తాయి. తిప్పగా తిప్పగా అది చిక్కబడి, రాయి అంచుకు చేరి ముద్దవుతుంది. దాన్ని చేత్తో తీసి పాత్రలో వేసి మళ్లీ నీళ్లు చల్లుతారు. నీళ్లు ఎక్కువైతే గంధం జారిపోతుంది, తక్కువైతే చెక్క రాయిని పట్టేస్తుంది. నేను చూస్తున్నంతసేపట్లో ఒకాయన రాయి మీద పోగైంది చిన్న నిమ్మకాయంత. ఇలా మణుగుల లెక్కన తీయాలి. అక్కడ నిలబడ్డాకే ఆ పరిమాణం నాకు నిజంగా అర్థమైంది.

అర్చకస్వామి మధ్యాహ్నం కాస్త తీరిక చేసుకుని బయటికొచ్చారు. గుడి లోపల కెమెరాలు, ఫోన్లు కుదరవు కాబట్టి బయట నీడలో కూర్చున్నాం. "స్వామీ, ఉగ్రం తగ్గడానికే చందనం పూస్తారంటారు కదా?" అన్నాను.

"తప్పేం కాదమ్మా, అలా చెప్పుకోవడం ఉంది. కానీ ఆ జవాబుతో లెక్క తేలదు" అన్నారాయన. "చల్లదనం కోసమే అయితే రోజూ కాస్త గంధం అద్దితే చాలదూ? పన్నెండు మణుగులే ఎందుకు? నాలుగు విడతలు ఎందుకు? ఒకరోజు పూర్తిగా తీసేయడం ఎందుకు? నువ్వు అడగాల్సింది ఇవీ."

తర్వాత స్థలపురాణం ఎత్తుకున్నారు. ప్రహ్లాదుడి తరవాత ఆరాధన ఆగిపోయి, ఈ కొండ మీద స్వామిని పుట్ట కప్పేసింది. ఎంతో కాలానికి పురూరవ చక్రవర్తి ఊర్వశితో కలిసి ఇటు వచ్చాడు. స్వామి ఉన్న చోటు తెలుసుకుని పుట్ట తవ్వించాడు, గంగధార నీళ్లతో అభిషేకించాడు. విగ్రహం బయటపడింది గానీ పాదాలు మాత్రం కనిపించలేదు. పాదాల కోసం ఇంకా వెతకవద్దని ఆకాశవాణి చెప్పింది. ఎంత పుట్టమన్ను తీశారో అంత తూకం చందనంతో తనను మళ్లీ కప్పమంది. ఏడాదికి ఒక్కరోజు, వైశాఖ శుద్ధ తదియ నాడే, నిజరూపం చూపమంది.

"అంటే చందనం పుట్టమన్నుకి బదులా స్వామీ?"

"బదులే. మనం తీసిన కప్పు మనమే తిరిగి ఇస్తున్నాం. ఆ మన్ను తూకం పన్నెండు మణుగులని సంప్రదాయం."

మూడు మణుగులంటే ఇప్పటి లెక్కలో సుమారు 120 కిలోలు. తదియ నాటి రాత్రి ఒక విడత, వైశాఖ పౌర్ణమికి ఒకటి, జ్యేష్ఠ పౌర్ణమికి ఒకటి, ఆషాఢ పౌర్ణమికి ఆఖరిది. ఒక్కో విడతకు మూడు మణుగులు, మొత్తం పన్నెండు. ఇది విన్నాక నాకు ఇంతకుముందు తట్టని సంగతి ఒకటి తెలిసింది. తదియ దాటి వైశాఖ పౌర్ణమి లోపు వెళ్లినవాళ్లు మూడు మణుగుల చందనంలో ఉన్న స్వామిని చూస్తారు. ఆషాఢ పౌర్ణమి దాటాక వెళ్లినవాళ్లు నిండు చందనంలో చూస్తారు. ఒకే గర్భగుడిలో, కొద్ది నెలల తేడాలోనే, వెళ్లిన రోజును బట్టి స్వామి ఆకారమే వేరు.

విడతలుగా ఎందుకని అడిగితే అర్చకస్వామి కాసేపు ఆలోచించారు. "పెద్దలు అలా నడిపించారు. నా ఊహ అడిగితే, అంత తడి గంధం ఒక్కసారి పెడితే నిలవదనుకుంటాను. కానీ అది నా ఊహ. నీ వీడియోలో పెట్టకు." నేను ఆ వాక్యం ముందు చిన్న గుర్తు పెట్టి కొట్టేశాను. శాస్త్రం చెప్పినదేదో, సంప్రదాయం చెప్పినదేదో, తనకు తోచినదేదో విడివిడిగా చెప్పగలిగే అర్చకులు దొరకడం మా అదృష్టం. నిమిషం వీడియోల్లో ఈ మూడూ కలిసిపోతాయి, చూసేవాళ్లు అంతా పురాణమే అనుకుంటారు.

నిజరూప దర్శనం ఎలా జరుగుతుందో కూడా చెప్పారు. తదియ ముందు రోజు అర్ధరాత్రి దాటాక సుప్రభాతంతో స్వామిని మేల్కొలిపి, వెండి బొరిగెలతో చందనం ఒలుస్తారు. రాతి మేనికి గీత పడకూడదు కాబట్టి ఇది నెమ్మదిగా సాగే పని. తరవాత శిరస్సు మీదా ఛాతీ మీదా మాత్రం చందనపు ముద్దలు ఉంచుతారు. ఆనువంశిక ధర్మకర్తలకు తొలి దర్శనం, ఆపైన భక్తులకు. రాత్రి దర్శనాలు ఆగాక గంగధార నుంచి వెయ్యికి పైగా కలశాలతో నీళ్లు తెచ్చి సహస్ర ఘటాభిషేకం చేస్తారు. పురూరవుడు చేసిన అభిషేకమే అది. ఆ తడి మీదే మొదటి విడత మూడు మణుగుల చందన సమర్పణ. ఒలిచిన పాత చందనాన్ని భక్తులకు ప్రసాదంగా ఇస్తారు. చాలామంది ఇళ్లల్లో దేవుడి గూట్లో ఉండే చిన్న పొట్లం అదే.

"అందరూ తీయడం గురించే అడుగుతారమ్మా" అన్నారు. "మాకు అసలు క్రియ రాత్రి పూయడం. తీయడం దానికి ముందు పని."

ఆ మాట విన్నాక స్క్రిప్టు మొత్తం తిరగరాశాను. మామూలు వేగంతో మాట్లాడితే నిమిషంలో నూట పది, నూట ఇరవై మాటల కన్నా పట్టవు. అంచేత ప్రహ్లాదుడి కథ, ఊర్వశి, వెండి బొరిగెలు అన్నీ పక్కన పెట్టి, తూకం లెక్క ఒక్కటే ఉంచాను. మేం చివరికి చిత్రీకరించింది ఇదీ:

ప్రశ్న: స్వామీ, చందనంలో చూస్తే లింగంలా ఉన్నారు. ఇక్కడున్నది శివుడా?

జవాబు: కాదమ్మా. వరాహ లక్ష్మీనరసింహస్వామి. పైన ఉన్నది చందనం.

ప్రశ్న: ఉగ్రం తగ్గడానికా ఈ చందనం?

జవాబు: అలా అంటారు. స్థలపురాణం ఇంకో మాట చెబుతుంది. స్వామిని ఒకప్పుడు పుట్ట కప్పింది. పురూరవుడు ఆ మన్ను తీశాడు. తీసిన మన్నెంతో అంత చందనం తిరిగి కప్పమని ఆకాశవాణి.

ప్రశ్న: ఎంత అది?

జవాబు: పన్నెండు మణుగులు. అక్షయ తృతీయ రాత్రి మూడు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి.

ప్రశ్న: మరి ఏడాదికోసారి తీసేది?

జవాబు: నిజరూపం చూపేది ఆ ఒక్కరోజే. ఆ రాత్రే గంగధార నీళ్లతో అభిషేకించి మళ్లీ కప్పుతాం.

చదివి వినిపిస్తే స్వామి ఒక్కచోటే ఆపారు. "ఇంకో మాట చెబుతుంది" అన్నచోట "స్థలపురాణం" అన్న పదం స్పష్టంగా వినపడాలన్నారు. అది లేకపోతే ఆయన సొంత అభిప్రాయంలా ఉంటుందట. మొదటి టేక్‌లో గాలి మోతకు ఆ పదమే సరిగా వినపడలేదు, అందుకని గోడ పక్కకు జరిగి మళ్లీ తీశాం. మణుగుల లెక్క చెప్పేటప్పుడు ఆయన తనకు తెలియకుండానే వేళ్లు మడిచి లెక్కపెట్టారు. తమ్ముడు ఆ చేతిని దగ్గరగా తీశాడు. తెర మీద అంకెలు వేయాల్సిన పని తప్పింది.

లేవబోతూ స్వామి ఒక షరతు పెట్టారు. నిజరూపమంటూ ఫోన్లలో తిరిగే బొమ్మలు కవర్ మీద వేయకూడదు. "ఏడాదికి ఒక్కరోజే చూపమన్న రూపం కదమ్మా. రోజూ వేలితో జరుపుకుంటూ చూసేది కాకూడదు." తమ్ముడు అంతకుముందే అలాంటి బొమ్మ ఒకటి దించిపెట్టుకున్నాడు. అక్కడే తీసేశాడు. కవర్ మీద సాన రాయి, దాని అంచున చేరిన చందనం గీత వేద్దామనుకున్నాం గానీ లోపల ఫోటో కుదరదు కాబట్టి, మా అమ్మ సాన మీద ఇంట్లో గంధం తీసి ఆ ఫోటో వాడాం. కింద "ఇది ఇంటి సాన" అని రాశాం.