గుణుపురం బ్రాంచి, శుక్రవారం మీటింగ్

ఈ రోజంతా స్లైడ్లతోనే సరిపోయింది. 12వ తేదీ శుక్రవారం రాయగడ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, గుణుపురం బ్రాంచి బిల్లింగును ఇక్కడ కలిపేస్తున్నామని చెప్పాలి.

సార్ పంపినవి కంపెనీ చరిత్రతో మొదలై, మార్కెట్ పోకడలన్నీ తిరిగి, ఎక్కడో చివర్లో అసలు సంగతికి వచ్చాయి. అప్పటిదాకా ఎవరి చెవికెక్కుతుంది? మీటింగ్ అనగానే 'నా ఉద్యోగం ఉంటుందా' అన్న టెన్షనే కదా. అందుకే మొదటి స్లైడులోనే పెట్టేశాను: 'జూలై 1 నుంచి గుణుపురం బిల్లింగ్ రాయగడలో జరుగుతుంది. గోడౌన్ అక్కడే ఉంటుంది. ఎవరినీ తీసేయడం లేదు.' ఆ చివరి మాట మాత్రం సార్ మెయిల్లో రాసిచ్చాకే ఉంచాను. స్లైడెక్కిన హామీ సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో ఉంటుంది.

కారణం దగ్గర ఆయన 'సినర్జీ' అని రాశారు. గోడౌన్ వాళ్లకు రోజూ కళ్లముందు కనబడేది వేరు: ఒకే షాపుకి రెండు చోట్ల నుంచి బిల్లులు, ఇక్కడ సరుకు మూలుగుతుంటే అక్కడ స్టాకు లేదనడం. అదే రాశాను. పక్కనే ఖర్చు తగ్గుతుందనీ రాస్తే సార్ వద్దన్నారు. "మనం దాచితే టీ కొట్టు దగ్గర ఇంకాస్త కలిపి చెప్పుకుంటారు సార్" అన్నాక ఒప్పుకున్నారు.

ఎక్కువ సేపు పట్టింది పట్టికకి. ఒక్కో పనికి ఒక్కో వరస: ఇప్పుడు ఎవరికి రిపోర్టు చేస్తున్నారు, ఇకపై ఎవరికి, ఎక్కడ, ఏ తేదీ నుంచి, జీతం. మారని చోట కూడా 'మార్పు లేదు' అని రాశాను, ఖాళీ గడి చూస్తే అనుమానమే. పేర్ల డబ్బాలున్న చార్టును చివరికి తోశాను. ముందే పెడితే ఎవరి డబ్బా వాళ్లు వెతుక్కుంటూ మనం చెప్పేది వినరు.

గోడౌనులో రెండో షిఫ్టు కూడా జూలై 1 నుంచే అని ఉంది. షిఫ్టు మారిస్తే వర్కర్లకు 21 రోజుల ముందు నోటీసివ్వాలి. శుక్రవారమే ఇచ్చినా జూలై 1కి 19 రోజులే. ఆ వరసలో జూలై 6 అని దిద్దాను.

గుణుపురం బిల్లింగ్ గుమస్తాలిద్దరికీ గురువారమే సార్ స్వయంగా వెళ్లి చెప్తారు. అందరి మధ్యా తెరమీద చూసి తెలుసుకోవాల్సిన విషయం కాదది. కానీ గాలికే తెలిసిపోయినట్టుంది, వాళ్లలో పెద్దాయన మధ్యాహ్నం ఫోన్ చేశారు. "నా పని ఏటవుద్దమ్మా? రోజూ బస్సులో తిరగమంటారా, ఇల్లు మారమంటారా?" సార్ గురువారం వస్తున్నారు, అన్నీ ఆయనే చెప్తారన్నాను. ఇంటద్దె సంగతి నిజంగానే ఇంకా తేలలేదు. పట్టికలో దాని ఎదురుగా '20వ తేదీలోగా చెప్తాం' అని రాశాను.

పట్టికను ఒడియాలోకి మార్చి, తెలుగు ఒకవైపు, ఒడియా ఒకవైపు ప్రింటు తీయించాలి. చివరి 'ధన్యవాదాలు' స్లైడు తీసేసి, జీతం సంగతులకు ఎవరిని అడగాలో, షిఫ్టుకి ఎవరినో పేరూ ఫోన్ నంబరూ పెట్టాను. సార్ నంబరు కూడా ఉంది, ఆయనకింకా చెప్పలేదు.