ఊడని ముడి: పంద్రాగస్టున నా అనుభవం

కిందటేడు ఆగస్టు 15న మా స్కూల్లో జెండా ముడి ఊడలేదు. సర్పంచ్ గారు తాడు లాగారు, ఇంకోసారి గట్టిగా లాగారు. మూట పైన అలాగే ఉంది. పిల్లలేమో అప్పటికే జనగణమన ఎత్తుకున్నారు. చివరికి మూట దించి, విప్పి, మళ్లీ ఎగరేశాం. గీతం రెండోసారి పాడించాం. ఆ మూట కట్టింది నేనే.

మూట పైకి వెళ్తుంటే మధ్యలోనే విచ్చుకుంటుందేమోనన్న భయంతో ముందురోజు సాయంత్రమే రెండు ముళ్లు వేశాను. రాత్రి వాన పడింది. నూలు తాడు తడిస్తే ఉబ్బి ముడి బిగుసుకుంటుందని అప్పటికి నాకు తెలియదు.

ఈసారి ఆ రోజు పొద్దున్నే కట్టాను. ముందు కప్పీలో తాడు సాఫీగా తిరుగుతోందో లేదో చూశాం. బల్ల మీద శుభ్రమైన బట్ట పరిచి, దాని మీద జెండాను మడిచి, మధ్యలో పూలరేకులు పోసి, ఎగిరే కొస నుంచి తాడు ఉన్న అంచు వైపు చుట్టాను. చుట్టేశాక ఏది పైకో తెలియదు కాబట్టి కాషాయం వైపు కొసకు దారం కట్టి గుర్తు పెట్టుకున్నాను. కింది తాడును మూట చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, కొస పూర్తిగా లాగకుండా చిన్న ఉచ్చులా మడిచి లోపలికి దోపాను. ముడి లేదు. బరువంతా పై తాడు మీదే ఉంటుంది కాబట్టి ఎక్కించేటప్పుడు కింది తాడు వదులుగా పట్టుకోవాలి, పైకి చేరాక దాన్ని ఒక్కసారి లాగాలి. నేల మీదే మూడుసార్లు లాగి చూశాం. మూడుసార్లూ విచ్చుకుంది.

ఈ హడావిడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు డ్యాన్సుకు నిజం జెండాలనే వోణీల్లా వేసుకుంటామన్నారు. జెండాను దుస్తుల్లా వాడకూడదని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. చక్రం లేని మూడు రంగుల బట్ట తెమ్మన్నాను. "మేడం, చక్రం లేకపోతే జెండాలా ఉండదు కదా" అని ఒకమ్మాయి మూతి ముడిచింది. "అందుకేనమ్మా తీసెయ్యమన్నది" అన్నాను.

పాటకు మా పీఈటీ సార్ సైగే గుర్తు. జెండా పూర్తిగా విచ్చుకుని, అందరూ సెల్యూట్ చేశాకే ఆయన చెయ్యి దించాలి, అప్పుడే గీతం మొదలుపెట్టాలి. పిల్లలను మూడు వైపులా నిలబెట్టి, నాలుగో వైపు జెండా స్తంభం వచ్చేలా చూశాం. అప్పుడు ఆయన అందరికీ కనిపిస్తారు.

సర్పంచ్ గారు తాడు పట్టుకుని, ముందు నా వైపు చూశారు. కిందటేడు సంగతి ఆయన మర్చిపోలేదు మరి! ఒక్క లాగుకే విచ్చుకుంది. రేకులు సగం హెచ్.ఎం. గారి మీదే పడ్డాయి.

సాయంత్రం మెల్లగా దించి మడుస్తుంటే తెల్ల భాగం మీద బంతిరేకుల పసుపు మరక కనిపించింది. పొద్దున తడిగానే పోసేశాను. ఉతికినా మరక పోకపోతే జనవరి 26కి కొత్త జెండా కొనాల్సిందే.