"ఇది పేరాలో యాడుంది?"

సివిల్స్ మెయిన్స్‌లో తప్పనిసరి భాషగా తెలుగు రాయబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పేపర్ 300 మార్కులకు, 25 శాతం వస్తే చాలు, ర్యాంకులో కలపరు. కానీ ఆ 75 రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. ఇందులో 60 మార్కులు ఒక్క పేరా మీదే ఉంటాయి, ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి 12. మన తెలుగే కదా అని నేను దాని జోలికే పోలేదు. తిరుపతిలో మా రూమ్ ఉన్న వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉంటే, ఆయన దగ్గర ఒకసారి రాసి చూపించాను. 60కి 23 వేశారు. ఆ రాత్రి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

ఆయన ఇచ్చిన పేరా దాదాపు ఇలా ఉంది:

"శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. పాత ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమితో గీతలు గీస్తారు. అది కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక పూస్తారు. మిగిలిన పటికను పారే నీటిలోనే కడగాలి. నిలవ నీటిలో కడిగితే అది పక్కకు అంటుకుని అక్కర్లేని చోట కూడా ఎరుపు పడుతుంది. అందుకే ఈ పని ఏటి ఒడ్డున పెరిగింది."

ఒక ప్రశ్న: "కలంకారీ పని ఏటి ఒడ్డున పెరగడానికి కారణం ఏమిటి?" మాది శ్రీకాళహస్తి పక్క పల్లె. చిన్నప్పటి నుంచి చూసిన పని కాబట్టి గుడి ఉందని, గుడులకు బొమ్మల గుడ్డలు కావాల్సి వచ్చేవని, యాత్రికులు కొనేవాళ్లని ఆరు లైన్లు రాశాను. మాస్టారు పెన్సిల్ పేరా పక్కన పెట్టి, "ఏమప్పా, నువ్వు రాసింది ఇందులో యాడుంది?" అన్నారు. ఎక్కడా లేదు. 12కి 0. నా మార్కులు ఎక్కువగా ఇలా తెలిసిన విషయం దగ్గరే పోయాయి, తెలియని విషయం దగ్గర కాదు.

తర్వాత ఆయన చేయించింది ఇదీ. ముందు ప్రశ్నలు చదవాలి, తర్వాత పేరా. ప్రతి ప్రశ్నకూ పేరాలో జవాబున్న వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, ప్రశ్న నంబర్ వేయాలి. నంబర్ పడకుండా జవాబు మొదలుపెట్టకూడదు. పై ప్రశ్నలోని "ఏటి ఒడ్డున" అనే మాట చివరి వాక్యంలో దొరుకుతుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ ఆ వాక్యం "అందుకే" అని మొదలైంది, అంటే కారణం దానికి ముందే ఉంది. గీత పడాల్సింది ఆ పైన ఉన్న రెండు వాక్యాల కింద. "అందుకే", "దీనివల్ల", "అయితే", "అది" లాంటి మాట కనిపిస్తే వెనక్కి పోయి చూడటం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

ఇక వాక్యం. ఇంకో ప్రశ్నకు, "గుడ్డను పాలలో ఎందుకు నానబెడతారు?" అన్నదానికి, నేను "రంగు పాకకుండా" అని రాసి వదిలేశాను. విషయం సరైనదే, కానీ సగం మార్కులే వేశారు. ప్రశ్నలోని మాటలే ఉంచి "ఎందుకు" బదులు జవాబు పెట్టి చూడమన్నారు: "రంగు పక్కకు పాకకుండా ఉండడానికి గుడ్డను పాలలో నానబెడతారు." కర్మ ఉంది, క్రియ ఉంది, ఎవరు చదివినా ప్రశ్న చూడకుండానే అర్థమవుతుంది. "అది నల్లబడుతుంది" అని పేరాలో ఉన్నా మన జవాబులో "కసిమి నల్లబడుతుంది" అనే రాయాలి, ఎందుకంటే "అది" దేన్ని చెబుతోందో మనకు తెలిసిందని దిద్దేవాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

"కారణం ఏమిటి" అని అడిగినప్పుడు నేను "కారణం ఏమిటంటే ... కాబట్టి" అని రెండు సార్లు కారణం చెప్పేవాణ్ని. ఇప్పుడైతే ఇలా రాస్తాను: "పటికను నిలవ నీటిలో కడిగితే అక్కర్లేని చోట కూడా ఎరుపు పడుతుంది. పటికను పారే నీటిలోనే కడగవలసి రావడం కలంకారీ పని ఏటి ఒడ్డున పెరగడానికి కారణం." రెండు వాక్యాలు, అంతే.

ఒక చోట మాత్రం ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. "ఏరు ఎండిపోతే ఈ పనికి వచ్చే ఇబ్బంది ఏమిటి?" అని అడిగితే ఆ వాక్యం పేరాలో ఉండదు. అప్పుడు పారే నీటి వాక్యానికీ, నిలవ నీటి వాక్యానికీ రెండింటికీ అదే నంబర్ వేసి, వాటిని కలిపితే వచ్చేంత మాత్రమే రాయాలి: "ఏరు ఎండిపోతే పటిక కడగడానికి పారే నీరు దొరకదు, దాంతో అక్కర్లేని చోట ఎరుపు పడే ప్రమాదం ఉంటుంది." మా ఊళ్లో నీళ్ల కోసం ఏం చేస్తున్నారో నాకు తెలుసు, చెయ్యి లాగుతుంది కూడా, కానీ రాయను.