మధ్యాహ్నం మూడింటికి తాళం

లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నా. కారణం మోటార్లు, మిక్సీలు బాగుచేసే మా చిన్నాయన షాపుకి గూగుల్ మ్యాప్స్‌లో పడిన ఆ ఒక్క స్టారు రివ్యూ.

"మోటారు ఆటోలో వేసుకుని కళ్యాణదుర్గం నుంచి వచ్చినాం. మ్యాప్‌లో ఓపెన్ అని ఉంది. మూడింటికి షాపుకి తాళం. ఫోను ఎత్తరు." అంతే రాశాడు. ఒక్క తిట్టు ఉన్నా నాకు హాయిగా ఉండేది, రిపోర్ట్ కొట్టేదాన్ని. కొట్టబోయాను కూడా. Report review నొక్కితే కారణం చెప్పమంది. సంబంధం లేని విషయమా, స్పామా, బూతులా, ఎవరి వ్యక్తిగత వివరాలైనా బయటపెట్టాడా అని వరసగా అడిగింది. చెప్పింది నిజమే గానీ మాకు నచ్చలేదు అనేదానికి అందులో గడి లేదు.

అసలు చిన్నాయన షాపు మొదట్లో మ్యాప్‌లో ఉండాల్సిన చోటే లేదు. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో పెట్టిపోయిన పిన్ను. అనంతపురం పాతూరులో మా సందు వదిలేసి మెయిన్ రోడ్డు మీద ఒక చెప్పుల కొట్టు ముందు నిలబడి ఉండేది. కేటగిరీ ఎలక్ట్రానిక్స్ షాపు. అందుకే రోజుకు ఇద్దరైనా టీవీ రిపేరు చేస్తారా అని ఫోన్ చేసేవాళ్లు, మిక్సీ వాళ్లు మాత్రం చేసేవాళ్లు కాదు. టైమింగ్స్ ఇరవై నాలుగు గంటలు! రాత్రి రెండింటికి ఎవరు వైండింగ్ చేయించుకుంటారో.

ఇవన్నీ మార్చాలంటే షాపు మాదేనని నిరూపించుకోవాలి, దానికి గూగుల్ వాళ్లు వీడియో అడిగారు. మొదటిసారి నేను షాపు లోపల నిలబడి బల్లా, వైండింగ్ మిషనూ, వేలాడదీసిన ఆర్మేచర్లూ అందంగా తీసి పంపాను. చెల్లదన్నారు. వాళ్లకు అందం అక్కర్లేదు. ఆ వీధి, ఆ బోర్డు, లోపలి సామాను ఒకే చోటివని, షాపు నడిపేది మనమేనని తెలియాలి. రెండోసారి సందు మొదట్లోంచి కెమెరా ఆపకుండా నడుచుకుంటూ వచ్చాను. పక్కనున్న పిండిమర, మన బోర్డు, చిన్నాయన చేయి తాళం తీసి షట్టరు ఎత్తడం, లోపల బల్ల, అన్నీ ఒకే ముక్కలో వచ్చాయి. మొహాలు పడకుండా చూసుకున్నా. నాలుగు రోజులకు ఓకే అయింది. పిన్ను సందులోకి జరిపి, కేటగిరీ Electric motor repair shop అని మార్చి, రెండోదిగా Small appliance repair service చేర్చాను. పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉంచాను.

ఆ పేరు దగ్గరే తమ్ముడితో మొదటి గొడవ. పేరు పక్కన "అనంతపురం బెస్ట్ మిక్సీ మోటార్ వైండింగ్" అని తగిలిద్దామంటాడు. బోర్డు మీద లేని మాటలు పేరులో పెట్టకూడదు, ఎవరైనా చెబితే తీసేస్తారు, ఒక్కోసారి లిస్టింగే ఆపేస్తారు అంటే వినడు. వినకపోతే పోనీ. పోయిన వారం నిశ్చితార్థం ఇంట్లో వీడు చేసిన పనికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. భోజనాలయ్యాక పెద్దమ్మ, అత్తలు, బావల ఫోన్లు పదకొండు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క గంటలో పదకొండు ఐదు స్టార్లు. అన్నీ "గుడ్ షాప్", "సూపర్ వర్క్". పెద్దమ్మ జన్మలో మిక్సీ రిపేరుకు ఇచ్చింది లేదు, ఆమెది రోలు! పొద్దునకి ఆరు కనపడకుండా పోయాయి. మిగతా ఐదూ నేనే వాళ్లవాళ్లకి ఫోన్ చేసి తీయించాను. ఇంట్లోవాళ్లు రాయడం ఎలాగూ రూలుకు విరుద్ధమే. అది పట్టుబడితే కొన్నాళ్లపాటు కొత్త రివ్యూలే పడకుండా ఆపగలరు, పాతవి దాచగలరు, దొంగ రివ్యూలు తీసేశామని లిస్టింగ్ మీదే రాసిపెట్టగలరు. ఇంత చెబితే వాడు, "అయితే యాభై రివ్యూలు అమ్మేవాడి నంబరు ఉంది, అడగనా?" అన్నాడు. బీపీ మాత్ర వేసుకోవాల్సింది నేను.

చిన్నాయనకి ఈ గోల చెబితే నవ్వాడు. "రాయించుకుంటే అది రాసినట్లా పాపా?"

ఆ మాటతో నాకు కాలిన రాగి తీగ గుర్తొచ్చింది. ఆరో తరగతి వేసవి సెలవులు. పొద్దంతా షాపులోనే ఉండేదాన్ని, వార్నిష్ వాసనకి తల తిరిగేది, అయినా ఇంటికి పొమ్మంటే పోయేదాన్ని కాదు. వైండింగ్ మార్చిన ప్రతి మోటారుకీ చిన్నాయన పాత తీగ తీసి, చుట్టగా చుట్టి, ఒక కవర్లో వేసి మోటారుతో పాటు ఇచ్చేవాడు. నల్లగా మాడిపోయిన తీగ. పాత రాగికి డబ్బులొస్తాయి కదా, మనమే ఉంచుకోవచ్చు కదా అని అడిగాను. "ఇది చూస్తే గదా మార్చినామని ఆయప్పకి తెలిసేది. లేకుంటే వార్నిష్ పూసి ఇచ్చినాడనుకుంటాడు." శింగనమల వైపు రైతు ఒకాయన ఆ కవరు తీసుకుపోయి, మూడు రోజులకి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల మోటార్లూ కాలిపోయినవే. చిన్నాయన అప్పటికి భోంచేసి, బెంచీ మీద తుండు మొహాన వేసుకుని పడుకుని ఉన్నాడు. వాళ్లు లేపలేదు. వేపచెట్టు కింద కూర్చుని నాకు మరమరాలు పెట్టారు. ఆయన లేచేదాకా కూర్చున్నారు.

రివ్యూలు అడగడం కూడా చివరికి చిన్నాయన పద్ధతిలోనే కుదిరింది. మొదట్లో నేను క్యూఆర్ కోడ్ అచ్చు వేయించి బల్ల మీద పెట్టాను. మిక్సీ చేతికివ్వగానే స్కాన్ చేయమనేదాన్ని. మొహమాటానికి ఐదు నొక్కి, ఒక్క అక్షరం రాయకుండా పోయేవాళ్లు. "ఇప్పుడేం తెలుస్తాది, ఇంటికి పోయి పప్పు రుబ్బితే గదా" అన్నాడాయన. అందుకని ఇప్పుడు రిపేరు పుస్తకంలోని నంబర్లకి మూడో రోజు వాట్సాప్‌లో రివ్యూ లింకు పంపుతున్నా. మిక్సీ ఎలా తిరుగుతోందో, ఏం బాగుచేశామో మీ మాటల్లో రాయండి, అంతే. స్టార్లు అడగను, తగ్గింపు ఇస్తాననను. పేచీ పెట్టుకుపోయినవాళ్లకీ పంపాలి. బాగుందన్నవాళ్లకే ఏరి పంపడమూ తప్పే. నలభై రెండు మందికి పంపితే తొమ్మిది మంది రాశారు. ఒకావిడ జార్ బుష్ మార్చాక కారడం లేదని రాసింది. ఇంకొకాయన కార్బన్ బ్రష్‌లే పోయాయని చెప్పి వైండింగ్ చేయకుండా పంపాడని రాశాడు. బుష్, బ్రష్ అని వెతుక్కునేవాళ్లకి ఇవి పదకొండు సూపర్ వర్కుల కన్నా ఎక్కువ.

పదోది ఈ కళ్యాణదుర్గం ఆయనది. ఈయనకి నేను లింకు పంపలేదు, తనే వెతుక్కుని వచ్చి రాశాడు.

సాయంత్రమంతా ఆయన మీద కోపంగా ఉన్నా. రెండింటి నుంచి నాలుగింటి దాకా అనంతపురం ఎండలో ఏ షాపువాడు కూర్చుంటాడు, ఆమాత్రం తెలియదా అనుకున్నా. కానీ ఇరవై నాలుగు గంటలు తీసేసి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర అని పెట్టింది ఎవరు? నేనే. మధ్యలో గీత పడితే షాపు మూతబడినట్టు కనిపిస్తుందని, అలాగే వదిలేశాను. అప్పటి రైతులకి చెట్టుంది, మరమరాలున్నాయి. ఈయనకి బయట నిలబెట్టిన ఆటో ఉంది, దాని వెయిటింగ్ ఛార్జీ ఉంది.

జవాబు పెద్దగా రాసి చిన్నాయనకి ఫోన్లో చదివి వినిపించా. "క్షమాపణలు తగ్గించి టైము రాయి" అన్నాడు. మూడు లైన్లయింది. మ్యాప్‌లో టైము తప్పు పెట్టింది మేమే. రెండు నుంచి నాలుగు దాకా మూసి ఉంటాం, ఇప్పుడు సరిచేశాం. మోటారు ఇంకా బాగు కాకపోతే వచ్చే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి, నేను ఎత్తుతాను. నంబరు నాదే ఇచ్చా, చిన్నాయన ఫోను ఆ వేళకి హాల్లో చార్జింగ్‌లో ఉంటుంది.

టైమింగ్స్‌లో ఒక్కో రోజుకి రెండు వరసలు పెట్టుకోవచ్చట. తొమ్మిది నుంచి రెండు, నాలుగు నుంచి ఎనిమిదిన్నర. సోమవారం నుంచి శనివారం దాకా పెట్టేశాను. ఆదివారం దగ్గర ఆగిపోయా. తెరుస్తావా, మూస్తావా అని అడిగితే "మోటారు వస్తే తెరుస్తా" అన్నాడు. దానికీ గడి లేదు.